ఒక్క పోగు, ముప్పై రెండు ఇళ్లు: వీధి ఫైబర్‌లో కాంతి లెక్క

ఫైబర్ ఇంటర్నెట్ ఉన్న ఇంటికి వచ్చే సన్నటి తీగలో 125 మైక్రాన్ల మందం ఉన్న గాజు పోగు ఒకటి ఉంటుంది. ఆ పోగు ఆపరేటర్ ఆఫీసు దాకా విడిగా వెళ్లదు. వీధి మొదట్లో స్తంభానికి బిగించిన బాక్సులో మరో ఏడిళ్ల పోగులతో కలిసి ఒక్కటవుతుంది. అలా నాలుగు వీధుల నుంచి వచ్చిన నాలుగు పోగులు కాలనీ ముఖద్వారం దగ్గర ఇంకో బాక్సులో కలిసి మళ్లీ ఒక్కటవుతాయి. అంటే ఆపరేటర్ కంట్రోల్ రూమ్ నుంచి కాలనీకి బయల్దేరేది ఒకే ఒక్క పోగు. అదే 32 ఇళ్లకు సరిపోతుంది.

కాంతిని ఇలా పంచే, తిరుగు దారిలో కలిపే పరికరమే స్ప్లిట్టర్. దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, దానిలో కదిలే భాగాలూ ఉండవు. కంట్రోల్ రూమ్‌లో ఓఎల్‌టీ అనే యంత్రానికి, ఇంట్లో ఓఎన్‌టీ అనే పెట్టెకు మాత్రమే కరెంటు కావాలి. రెండిటి మధ్య కిలోమీటర్ల దారిలో కరెంటుతో పనిచేసేది ఏదీ లేదు కాబట్టే దీన్ని పాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్ అంటారు. వీధిలో కరెంటు పోయినా, ఇంట్లో ఇన్వర్టర్ ఉండి, కంట్రోల్ రూమ్‌కు బ్యాకప్ ఉంటే నెట్ ఆగదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా లాగిన పోగులూ, ఊళ్లలో కేబుల్ ఆపరేటర్లు వేసుకున్న లైన్లూ ఎక్కువగా ఈ పద్ధతివే. వీటిలో బాగా వాడుకలో ఉన్న జీపాన్ ప్రమాణాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2003 నుంచి జి.984 వరుసలో వెలువరించింది.

అయితే పంచుకుంటే కాంతి తగ్గుతుంది. మధ్యలో దాన్ని మళ్లీ పెంచే యంత్రం లేదు. కంట్రోల్ రూమ్‌లో ఎంత కాంతి బయల్దేరిందో, దారిలో ఎంత పోయిందో, ఇంటి పెట్టె చదవడానికి కనీసం ఎంత మిగలాలో ముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్కనే ఆప్టికల్ పవర్ బడ్జెట్ అంటారు. ఒక కాలనీలో నెట్ ఏళ్ల తరబడి నిలకడగా నడవడమా, తరచూ తెగిపోతూ ఉండడమా అన్నది చాలావరకు ఈ లెక్క మీదే తేలుతుంది.

స్ప్లిట్టర్ లోపల

ఇప్పుడు ఎక్కువగా వాడే స్ప్లిట్టర్లను పీఎల్‌సీ స్ప్లిట్టర్లు అంటారు. చిన్న గాజు పలక మీద, కంప్యూటర్ చిప్పులు తయారుచేసే పద్ధతిలోనే, కాంతి నడిచే సన్నటి బాటలు గీస్తారు. ఒక బాట కొంత దూరం వెళ్లి రెండుగా చీలుతుంది. ఆ రెండూ మళ్లీ రెండేసి అవుతాయి. మూడుసార్లు చీలితే ఎనిమిది దారులు, ఐదుసార్లు చీలితే ముప్పై రెండు. చీలిన ప్రతిచోటా కాంతి సగం సగం పంచుకుంటుంది.

సగం కావడాన్ని కాంతి లెక్కలో 3 డెసిబెల్స్ నష్టం అంటారు. ఒకటికి ఎనిమిది స్ప్లిట్టర్‌లో మూడు చీలికలు ఉంటాయి కాబట్టి లెక్కప్రకారం 9 డెసిబెల్స్ పోతాయి. తయారీలో వచ్చే చిన్న లోపాల వల్ల, పలకకు పోగులు అతికించిన చోట జరిగే నష్టం వల్ల అసలు అంకె ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. మంచి సరుకులో గరిష్ఠ నష్టం ఒకటికి నాలుగుకు సుమారు 7.2, ఒకటికి ఎనిమిదికి 10.5, ఒకటికి ముప్పై రెండుకు 17 డెసిబెల్స్ దాకా ఉంటుంది.

స్ప్లిట్టర్ గురించి జనంలో రెండు అపోహలు ఉన్నాయి. ఎనిమిది కాళ్ల స్ప్లిట్టర్‌కు ముగ్గురే కస్టమర్లు ఉంటే ఒక్కొక్కరికి ఎక్కువ కాంతి వస్తుందన్నది మొదటిది. అది నిజం కాదు. ఖాళీగా ఉన్న ఐదు కాళ్లలోకీ వాటి వంతు కాంతి వెళ్లి వృథాగా పోతూనే ఉంటుంది. దీన్నే తిరగేసి చూస్తే, ఖాళీ కాలికి కొత్త ఇల్లు తగిలించినంత మాత్రాన పాత ఇళ్ల కాంతి తగ్గదు. అప్పుడు పంచుకునేది వేగాన్నే. జీపాన్‌లో కిందికి వచ్చే సెకనుకు 2.488 గిగాబిట్లను ఆ పోగు మీది ఇళ్లన్నీ పంచుకుంటాయి. 32 ఇళ్లూ ఒకే క్షణంలో నిండా వాడితే తలా 77 మెగాబిట్లు వస్తాయి. నిజానికి అందరూ ఒకే క్షణంలో వాడరు కాబట్టి 100, 200 మెగాబిట్ల ప్లాన్లు నడుస్తున్నాయి.

ఇంటి నుంచి వెనక్కి వెళ్లే కాంతికి నష్టం ఉండదన్నది రెండో అపోహ. ఎనిమిది కాళ్లు ఒకటిగా కలుస్తున్నాయి కదా, పంచడం ఎక్కడుందని అనిపిస్తుంది. కానీ చీలిక దగ్గర రెండు బాటలు ఒక్కటయ్యేచోట, ఒక్కవైపు నుంచే వచ్చిన కాంతిలో సగమే ముందుకు సాగుతుంది. మిగతా సగం ఆ సన్నటి బాటలో ఇమడలేక పక్కకు చెదిరిపోతుంది. అందుకే స్ప్లిట్టర్ నష్టం పోను దారిలో ఎంతో, రాను దారిలోనూ అంతే. బడ్జెట్ రెండు వైపులా విడివిడిగా వేయాలి.

రెండు వైపుల కాంతీ ఒకే పోగులో ఎదురెదురుగా నడుస్తుంది. కంట్రోల్ రూమ్ నుంచి ఇంటికి 1490 నానోమీటర్ల కాంతి, ఇంటి నుంచి వెనక్కి 1310 నానోమీటర్ల కాంతి వాడతారు. రంగులు వేరు కాబట్టి ఒకదానికొకటి అడ్డు రావు. రెండూ కంటికి కనిపించవు. వెలుగుతున్న ఫైబర్ చివరను కంటికి ఎదురుగా పెట్టి చూడకూడదనడానికి కారణం ఇదే.

ఇంటికి వచ్చే దారిలో అన్ని ఇళ్లకూ ఒకే సంకేతం చేరుతుంది. ఏ ఇంటి పెట్టె తన వంతు మాత్రమే విప్పుకుంటుంది. పక్కింటివి చదవకుండా జీపాన్‌లో సంకేత రక్షణ ఏర్పాటు ఉంది. వెనక్కి వెళ్లే దారిలో మాత్రం ఇళ్లన్నీ వంతులవారీగా పలకాలి. ఎవరు ఏ క్షణంలో పలకాలో ఓఎల్‌టీ నిర్ణయిస్తుంది.

లెక్కకు కొలమానం

కాంతి బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. ఒక మిల్లీవాట్ కాంతికి విలువ సున్నా డీబీఎం. అంతకు ఎక్కువైతే ప్లస్, తక్కువైతే మైనస్. 3 పెరిగితే రెట్టింపు, 3 తగ్గితే సగం, 10 తగ్గితే పదో వంతు. ఓఎల్‌టీ నుంచి ప్లస్ 3 డీబీఎం బయల్దేరి ఇంట్లో మైనస్ 27 చేరిందంటే మొత్తం 30 డెసిబెల్స్ పోయినట్లు. అంటే బయల్దేరిన కాంతిలో వెయ్యో వంతే ఇంటికి చేరింది. ఆ వెయ్యో వంతుతోనే సినిమా ఆడుతుంది.

ఇలా కొలవడంలో సౌకర్యం ఏమిటంటే, గుణకారాలూ భాగహారాలూ అక్కర్లేదు. దారిలో ఎదురైన ప్రతి నష్టాన్నీ కూడుకుంటూ పోయి, బయల్దేరిన అంకెలోంచి తీసేస్తే చాలు.

జీపాన్‌లో ఎక్కువగా వాడే ఓఎల్‌టీ మాడ్యూల్‌ను బి ప్లస్ తరగతి అంటారు. ఇది ప్లస్ 1.5 నుంచి ప్లస్ 5 డీబీఎం వరకు కాంతి పంపుతుంది. ఇంటి పెట్టె మైనస్ 27 దాకా చదవగలదు. తక్కువలో తక్కువ పంపే అంకె ప్లస్ 1.5 తీసుకుంటే తేడా 28.5. దారిలో సంకేతం ఆకారం చెదరడానికి అర డెసిబెల్ పక్కన పెట్టి, ఖర్చు పెట్టుకోవడానికి 28 డెసిబెల్స్ ఉన్నాయని ప్రమాణం చెబుతుంది. వెనక్కి వెళ్లే దారిలోనూ అంతే. ఇంటి పెట్టె కనీసం ప్లస్ 0.5 పంపుతుంది, ఓఎల్‌టీ మైనస్ 28 దాకా చదువుతుంది. అక్కడా మిగిలేది 28.

కింది హద్దు కూడా ఒకటి ఉంది. దారిలో నష్టం 13 డెసిబెల్స్ కన్నా తక్కువ కాకూడదు. కాంతి మైనస్ 8 డీబీఎం కన్నా ఎక్కువగా వచ్చి పడితే గ్రాహకం తట్టుకోలేదు. సంకేతం తప్పులతడకగా మారుతుంది, ఒక్కోసారి పరికరమే దెబ్బతింటుంది. కంట్రోల్ రూమ్ పక్కనే ఉన్న ఆఫీసుకు స్ప్లిట్టర్ లేకుండా నేరుగా పోగు ఇస్తే ఇలా అవుతుంది. అక్కడ అటెన్యుయేటర్ అనే చిన్న బిళ్ల తగిలించి కావాలనే కాంతి తగ్గిస్తారు.

ఒక కాలనీ లెక్క

పట్టణం చివర కొత్తగా వెలసిన కాలనీ ఒకటి ఉందనుకుందాం. కంట్రోల్ రూమ్ నుంచి కాలనీ ముఖద్వారం దాకా స్తంభాల మీదుగా 3 కిలోమీటర్లు. అక్కడ ఒకటికి నాలుగు స్ప్లిట్టర్. దాని నాలుగు కాళ్లూ నాలుగు వీధులకు వెళతాయి. ప్రతి వీధిలో ఒకటికి ఎనిమిది స్ప్లిట్టర్ ఉన్న బాక్సు. ముఖద్వారం నుంచి అన్నిటికన్నా దూరంగా ఉన్న ఇంటికి, ఇంటిలోకి దిగే తీగతో కలిపి, అర కిలోమీటరు. మొత్తం దూరం మూడున్నర కిలోమీటర్లు. లెక్క ఎప్పుడూ చివరి ఇంటికే వేయాలి. చివరి ఇంటికి చాలితే మధ్యలో వాళ్లకు తప్పకుండా చాలుతుంది.

ముందు స్ప్లిట్టర్లు. 7.2, 10.5 కలిపి 17.7 డెసిబెల్స్. మొత్తం ఖర్చులో సింహభాగం ఇదే.

తర్వాత పోగు. 1490 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు సుమారు 0.25, 1310 దగ్గర 0.35 డెసిబెల్స్ పోతాయి. మూడున్నర కిలోమీటర్లకు ఇంటికి వచ్చే దారిలో 0.9, వెనక్కి వెళ్లే దారిలో 1.2. నాలుగు కాళ్ల స్ప్లిట్టర్‌లో పోయిన దానితో పోలిస్తే మూడున్నర కిలోమీటర్ల పోగులో పోయింది చాలా తక్కువ. ఊళ్లో ఫైబర్ వేసేటప్పుడు దూరం కన్నా చీలికలకే ఎక్కువ భయపడాలని ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఆపైన అతుకులు. స్ప్లైసింగ్ మిషన్‌తో పోగు చివరలను కరిగించి అతికిస్తే ఒక్కో అతుకుకు 0.1 చొప్పున వేసుకోవచ్చు. దారిలో ఎనిమిది అతుకులు ఉంటే 0.8. చివరగా కనెక్టర్లు. ఓఎల్‌టీ దగ్గర ఒకటి, కంట్రోల్ రూమ్ ఫైబర్ ప్యానెల్ దగ్గర ఒకటి, వీధి బాక్సులో ఒకటి, ఇంటి పెట్టె దగ్గర ఒకటి. ఒక్కోదానికి 0.5 చొప్పున 2.0.

అన్నీ కూడితే ఇంటికి వచ్చే దారిలో 21.4, వెనక్కి వెళ్లే దారిలో 21.7 డెసిబెల్స్. ఉన్న బడ్జెట్ 28. బిగువుగా ఉన్న వెనక దారినే తీసుకుంటే మిగులు 6.3.

ఈ మిగులు అంతా ఖర్చు పెట్టుకునేది కాదు. లారీ తగిలి తీగ తెగుతుంది, రెండు కొత్త అతుకులు పడతాయి. కనెక్టర్‌కు దుమ్ము పడుతుంది. లేజర్ ఏళ్లు గడిచేకొద్దీ కాస్త మందగిస్తుంది. వీటికోసం కనీసం 3 డెసిబెల్స్ ముట్టుకోకుండా ఉంచాలి. అది పోను నిజంగా చేతిలో ఉన్నది 3.3.

ఇప్పుడు కాలనీ పెరిగింది. 32 ఇళ్లు 64 కావాలి. ముఖద్వారం దగ్గరి ఒకటికి నాలుగు తీసేసి ఒకటికి ఎనిమిది పెడితే నష్టం 7.2 నుంచి 10.5కు చేరుతుంది. పెరిగింది సరిగ్గా 3.3. వెనక దారి మొత్తం 25.0 అవుతుంది. మరమ్మతులకు దాచిన 3 డెసిబెల్స్ అలాగే ఉన్నాయి, అంతకు మించి ఒక్క పైసా మిగలలేదు. 64 ఇళ్లు కుదురుతాయి, కానీ అదే ఆ పోగుకు ఆఖరి హద్దు. ఇంకా కావాలంటే కంట్రోల్ రూమ్ నుంచి రెండో పోగు లాగాలి. లేదా ఓఎల్‌టీలో సి ప్లస్ తరగతి మాడ్యూల్ వేయాలి. దానికి బడ్జెట్ 32 డెసిబెల్స్.

నిశ్శబ్దంగా జరిగే తప్పు

వీధుల్లో తరచూ జరిగే తప్పు ఇక్కడే మొదలవుతుంది. ఎనిమిది కాళ్లూ నిండిపోయిన బాక్సు దగ్గర తొమ్మిదో ఇంటివాళ్లు కనెక్షన్ అడుగుతారు. కొత్త స్ప్లిట్టర్ వేయడానికి వ్యవధి లేక, ఎనిమిదో ఇంటికి వెళ్లే తీగ మధ్యలో ఒకటికి రెండు స్ప్లిట్టర్ పెట్టి పక్కింటికి ఇచ్చేస్తారు. ఆ స్ప్లిట్టర్ 3.7 తింటుంది. దానికి తగిలించిన రెండు కనెక్టర్లు ఇంకో 1.0. పైన చెప్పిన 64 ఇళ్ల కాలనీలో ఇంటికి వచ్చే దారి నష్టం 24.7 నుంచి 29.4కు చేరుతుంది. ఓఎల్‌టీ ప్లస్ 1.5 పంపితే ఇంటికి చేరేది మైనస్ 27.9. పెట్టె చదవలేదు.

అయినా కనెక్షన్ ఇచ్చిన రోజు నెట్ వస్తుంది. కొత్త మాడ్యూల్ ప్లస్ 4 దాకా పంపుతూ ఉండవచ్చు. అప్పుడు ఇంటికి మైనస్ 25.4 చేరుతుంది. లైటు పచ్చగా వెలుగుతుంది, వేగం పూర్తిగా వస్తుంది, అందరూ సంతోషిస్తారు. జీపాన్‌లో కాంతి తగ్గుతూ వచ్చినా వేగం క్రమంగా తగ్గదు. హద్దు వరకు అంతా బాగానే కనిపిస్తుంది, హద్దు దాటగానే తప్పులు పెరిగి లైను తెగిపోతుంది. అందుకే ఈ తప్పు పైకి కనిపించదు.

కొన్ని నెలలకు ఎక్కడో తీగ తెగి రెండు అతుకులు పడతాయి, 0.2. అతికినవాళ్లు పోగును జాయింట్ బాక్సులో ఇరుకుగా చుట్టి మూత వేస్తారు, ఆ వంపులో 1.0. కాంతి మైనస్ 26.6కు దిగుతుంది. కనెక్టర్‌కు కాస్త దుమ్ము పడితే ఇంకో అర. మైనస్ 27.1. ఆ రోజు నుంచి ఆ రెండిళ్లలో పెట్టె మీద ఎర్రలైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. పెట్టె పాడైందని మార్చేస్తారు. కొత్త పెట్టె కొంచెం చురుకైనదైతే వారం నడుస్తుంది, మళ్లీ మొదటికే వస్తుంది. తప్పు పెట్టెలో లేదు. లెక్కలో ఉంది.

పొడవాటి ఊరికి కప్లర్లు

నాలుగు వీధులు ఒకచోట కలిసే కాలనీకి సమానంగా పంచే స్ప్లిట్టర్ సరిపోతుంది. రోడ్డు వెంబడి రెండు మూడు కిలోమీటర్లు సాగిన ఊరికి అది కుదరదు. అక్కడ ఒకే పోగు రోడ్డు వెంట సాగుతూ, కూడలి కూడలికీ కొంత కాంతిని దించి ముందుకు పోవాలి. దీనికి అసమానంగా పంచే కప్లర్లు వాడతారు. 10:90, 20:80, 30:70 అని వీటికి పేర్లు.

కాలువ మొదట్లో తూములు పెద్దవిగా తెరిస్తే చివరి ఆయకట్టు ఎండినట్లే, ఇక్కడా మొదటి కూడలిలో ఎక్కువ దించితే చివరి కూడలికి ఏమీ మిగలదు. నాలుగు కూడళ్లు ఉన్నాయనుకుంటే, మొదటి మూడింటిలో సగం సగం పంచే కప్లర్ పెడితే మొదటిదానికి సగం, రెండోదానికి పావు, మూడో నాలుగో వాటికి తలా వీసం రెట్టింపు, అంటే ఎనిమిదో వంతు వస్తాయి. డెసిబెల్స్‌లో చెప్పాలంటే నష్టం 3, 6, 9, 9. మొదటివాళ్లకు అక్కర్లేనంత, చివరివాళ్లకు చాలీచాలనంత.

సమానంగా రావాలంటే మొదటి కూడలిలో నాలుగో వంతు, రెండో కూడలిలో మిగిలినదానిలో మూడో వంతు, మూడో కూడలిలో ఇంకా మిగిలినదానిలో సగం దించాలి. దానికి దగ్గరగా దొరికే కప్లర్లు వరుసగా 20:80, 30:70, 50:50. తయారీ నష్టం పక్కన పెడితే, మొదటి కూడలికి 7.0, రెండోదానికి 6.2, మూడో నాలుగో వాటికి 5.5 డెసిబెల్స్ నష్టం వస్తుంది. దూరంగా ఉన్నవాళ్లకు కాస్త ఎక్కువ కాంతి దక్కుతుంది, దూరం వల్ల పోగులో పోయే నష్టానికి అది సర్దుబాటు అవుతుంది. ప్రతి కూడలిలో దించిన కాంతిని మళ్లీ ఒకటికి ఎనిమిది స్ప్లిట్టర్‌తో ఇళ్లకు పంచితే మొత్తం 32 ఇళ్లు.

కప్లర్ల విషయంలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. వీటిలో చాలావరకు రెండు పోగులను పక్కపక్కనే పెట్టి, వేడిచేసి సాగదీసి తయారుచేసినవి. వీటి నిష్పత్తి కాంతి రంగును బట్టి మారుతుంది. ఒక్క రంగుకే సరిచేసిన కప్లర్ పెడితే ఇంటికి వచ్చే దారిలో 20:80గా ఉన్నది వెనక్కి వెళ్లే దారిలో ఇంకేదో అవుతుంది. 1310, 1490 రెండిటికీ పనికొచ్చేదే కొనాలి. రెండోది, కాళ్లు తారుమారు కాకూడదు. 10:90 కప్లర్‌లో 90 కాలిని కూడలికీ, 10 కాలిని ముందుకూ కలిపేస్తే ఆ వెనక ఉన్న ఊరంతటికీ ఒక్కసారిగా తొమ్మిదిన్నర డెసిబెల్స్ పోతాయి. కాళ్ల రంగులు కంపెనీని బట్టి మారుతుంటాయి కాబట్టి రంగు చూసి నమ్మకుండా, అతికే ముందు పవర్ మీటర్‌తో రెండు కాళ్లనూ కొలవాలి.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి

ఈ నెట్‌వర్క్ ఆకారం చెట్టులాంటిది కావడంతో, ఎన్ని ఇళ్లలో నెట్ పోయిందో తెలిస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసినట్లే. కాలనీ మొత్తం పోతే తప్పు ముఖద్వారానికి ముందు, 3 కిలోమీటర్ల ప్రధాన పోగులో ఉంది. ఒక వీధి ఎనిమిది ఇళ్లే పోతే ముఖద్వారానికీ వీధి బాక్సుకూ మధ్య ఉంది. ఒక్క ఇల్లే పోతే బాక్సు నుంచి ఇంటికి దిగే తీగలోనో, కనెక్టర్‌లోనో, పెట్టెలోనో ఉంది.

తర్వాతి పని రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడడం. ఇంటి పెట్టెకు చేరిన కాంతి ఒకటి, ఆ ఇంటి నుంచి ఓఎల్‌టీకి చేరిన కాంతి ఒకటి. పోగు ఎక్కడైనా గట్టిగా వంగితే 1490 కాంతి ఎక్కువగా బయటికి కారిపోతుంది, 1310 అంతగా కారదు. కాబట్టి ఇంటికి వచ్చే కాంతి బాగా పడిపోయి, వెనక్కి వెళ్లేది దాదాపు పాత అంకె దగ్గరే ఉంటే ఎక్కడో వంపు ఉందని అర్థం. తలుపు సందులో నలిగిన తీగ, మేకు కిందికి బిగించిన మూల, జాయింట్ బాక్సులో ఇరుకు చుట్ట, ముందుగా వెతకాల్సిన చోట్లు ఇవే. రెండు అంకెలూ ఇంచుమించు సమానంగా పడిపోతే కనెక్టర్‌కు పట్టిన మురికినో, చెడ్డ అతుకునో అనుమానించాలి. మామూలు జి.652 పోగును 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్నా ఇరుకుగా చుట్టకూడదు. ఇళ్లలోకి వాడే జి.657 ఏ2 రకం పోగు 7.5 మిల్లీమీటర్ల దాకా తట్టుకుంటుంది. ఇంటి లోపల వేసే తీగ ఏ రకమో అడిగి తెలుసుకోవడం అందుకే మంచిది.

కనెక్టర్ రంగు కూడా చూడాలి. పచ్చ కనెక్టర్ ముఖం 8 డిగ్రీల వాలుగా నునుపు చేసి ఉంటుంది, నీలం కనెక్టర్ ముఖంలో ఆ వాలు ఉండదు. రెండూ ఒకే సాకెట్‌లో పడతాయి కాబట్టి కలిపేసేవాళ్లు ఉన్నారు. ముఖాలు ఒకదానికొకటి ఆనవు, మధ్య గాలి సందు మిగులుతుంది. అక్కడ కొన్ని డెసిబెల్స్ పోతాయి, కాంతి వెనక్కి కూడా కొడుతుంది. పచ్చకు పచ్చ, నీలానికి నీలమే కలపాలి.

బడ్జెట్‌తో సంబంధం లేని తప్పు కూడా ఒకటి ఉంది. ఒక ఇంటి పెట్టె పాడై, తన వంతు కాని సమయంలోనూ కాంతి పంపుతూ ఉంటే, అదే పోగు మీద ఉన్న మిగతా ఇళ్ల మాటలన్నీ ఓఎల్‌టీకి గజిబిజిగా వినిపిస్తాయి. అందరికీ కాంతి సరిపడా వస్తూ ఉంటుంది, అయినా అందరి నెట్ పడిలేస్తూ ఉంటుంది. అప్పుడు వీధి బాక్సుల కాళ్లను ఒక్కొక్కటే తీసి చూస్తూ, ఏ కాలు తీస్తే మిగతావాళ్లకు బాగుపడుతుందో పట్టుకోవాలి.

ఇంట్లో ఉన్నవాళ్లు చేయదగ్గది చిన్నదే అయినా ఉపయోగకరమైనది. చాలా ఓఎన్‌టీల సెట్టింగ్స్ పేజీలో Rx Power అనే అంకె కనిపిస్తుంది. అది మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే చింత లేదు. మైనస్ 25 దాటితే మిగులు కరిగిపోతున్నట్లు. మైనస్ 27 దగ్గర ఉంటే ఈ రోజు నడుస్తున్నా రేపటికి భరోసా లేదు. కనెక్షన్ ఇచ్చిన రోజు అంకెను తేదీతో పాటు పెట్టె అడుగున రాసి ఉంచాలి. ఫిర్యాదు చేసేటప్పుడు నెట్ రావడం లేదని మాత్రమే చెప్పకుండా, అప్పుడు మైనస్ 20 ఉండేది, ఇప్పుడు మైనస్ 26 చూపిస్తోందని చెబితే, వచ్చినవాళ్లు పెట్టె మార్చి వెళ్లిపోకుండా పోయిన ఆ ఆరు డెసిబెల్స్ ఎక్కడ పోయాయో వెతుకుతారు.